ఏడాదిలో నికర విలువ 9,09,000 పెరిగినట్టు లెక్క తేలింది. ఇందులో మా పొదుపు ఎంత?

మిర్యాలగూడ వాసి (19 ఏప్రిల్ 2025)

సభ్యులందరికీ నమస్కారం. నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో సూపర్‌వైజర్‌గా పని చేస్తున్నాను. నా భార్య ఇంటి దగ్గరే కుట్టుపని చేస్తుంది. ఊళ్లో ఎడమ కాలువ కింద ఎకరం ఇరవై గుంటల పొలం ఉంది. చేతికొచ్చే జీతం, కుట్టుపని డబ్బు, పెట్టుబడి పోగా పొలం మీద మిగిలేది అన్నీ కలిపినా మా రాబడి ఏడాదికి 4,80,000 దాటదు. నిరుడు మార్చి 31 నాటికి మాకున్న ఆస్తులను, అప్పులను ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నాను. ఈ మార్చి 31 నాటికి మళ్లీ అవే వరుసలు రాశాను. ప్రతి వరుసలో మొదటి అంకె 2024ది, రెండోది 2025ది.

ఇల్లు: 32,00,000 / 32,00,000
పొలం: 36,00,000 / 39,00,000
బంగారం, 90 గ్రాములు: 5,58,000 / 7,47,000
బ్యాంకు ఖాతా: 1,12,000 / 96,000
పీఎఫ్, వడ్డీతో సహా: 3,40,000 / 3,97,000
ఎల్ఐసీ, సరెండర్ విలువ: 1,46,000 / 1,74,000
చిట్టీ: 1,08,000 / ఖాళీ
బంధువుకు ఇచ్చిన చేబదులు: 60,000 / 60,000
మోటార్ సైకిల్: 45,000 / 38,000
ఆస్తుల మొత్తం: 81,69,000 / 86,12,000

ఇంటి లోను: 14,20,000 / 11,14,000
పంట రుణం: 1,60,000 / లేదు
అప్పుల మొత్తం: 15,80,000 / 11,14,000

నికర విలువ: 65,89,000 / 74,98,000

తేడా 9,09,000 వచ్చింది. రాబడే 4,80,000 అయినప్పుడు, అందులోంచే ఇల్లు గడిచి, పిల్ల చదువు ఖర్చు పోయిన తరువాత నికర విలువ ఇంత ఎలా పెరుగుతుందో నాకు అర్థం కావడం లేదు. కూడికలు నాలుగుసార్లు సరిచూశాను, తప్పు లేదు.

చిట్టీ సంగతి విడిగా చెప్పాలి. అది 50 నెలల చిట్టీ, నెలకు 10,000 చొప్పున 5 లక్షలది. నిరుడు మార్చి నాటికి 14 వాయిదాలు కట్టాను, డివిడెండ్ పోను నేను కట్టిన సొమ్ము 1,08,000. ఇరవయ్యో నెలలో పాడుకుంటే 3,85,000 చేతికి వచ్చింది. అందులో 2,50,000 ఇంటి లోనుకు ముందుగా కట్టేశాను, 1,35,000 పెద్దమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుకు, హాస్టల్‌కు పోయింది. ఇప్పటికి 26 వాయిదాలు పూర్తయ్యాయి. చిట్టీ ఎత్తేసుకున్నాం కనుక ఈ ఏడాది దాన్ని ఎక్కడ చూపాలో తెలియక ఆ వరుసను ఖాళీగా వదిలాను. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

దేవరకొండ టీచర్ (19 ఏప్రిల్)

అన్నా, మీరు చిట్టీ వరుసను తీసేయడం సరైనదే. ఎత్తుకున్న సొమ్ము ఖర్చయిపోయింది, ఇంటి లోను తగ్గిన రూపంలో లెక్కలోకి కూడా వచ్చేసింది. మళ్లీ చిట్టీని రాస్తే ఒకే డబ్బును రెండుసార్లు లెక్కించినట్టు అవుతుంది. ఇకమీదట కట్టే వాయిదాలు కరెంటు బిల్లు, పాల బిల్లు మాదిరిగానే నెలవారీ ఖర్చులు.

ఎల్ఐసీ విషయంలో మాత్రం మీరు తక్కువ రాసుకున్నారని నా అభిప్రాయం. పాలసీ 5 లక్షలదైతే కుటుంబానికి దక్కేది 5 లక్షలు, పైన బోనస్. కనుక 5,00,000 రాసుకోవచ్చు.

చిట్యాల హైవే (19 ఏప్రిల్)

మీ పొలం ధర ఎకరాకు 24 లక్షల నుంచి 26 లక్షలకు మాత్రమే పెరిగినట్టు రాశారు. మా వైపు ట్రిపుల్ ఆర్, అదే రీజినల్ రింగ్ రోడ్డు మాట వచ్చినప్పటి నుంచి ఎకరం అడిగేవాళ్లు, చెప్పేవాళ్లు ఏ స్థాయిలో ఉన్నారో మీకు తెలియనిది కాదు. మీ దగ్గర కూడా 35 లక్షలకు తక్కువ చెప్పేవారు ఉండరు. భూమి ధరను మార్కెట్ ధరకే రాయాలి, లేకపోతే మీ నికర విలువ నిజంగా ఎంతో మీకే తెలియదు. అసలు 9 లక్షల పెరుగుదలను చూసి మీరు ఆశ్చర్యపోవలసిన పని లేదు, ఇంకా ఎక్కువే పెరిగి ఉండాలి.

జడ్చర్ల తండ్రి (20 ఏప్రిల్)

నమస్కారం. మా అబ్బాయికి ఈ ఆగస్టులో అమెరికా ప్రయాణం ఉంది. నెట్‌వర్త్ పత్రం నోటుపుస్తకంలో రాసుకుంటే వీసా వాళ్లు ఒప్పుకోరు. చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం, దాని మీద 18 అంకెల యూడీఐఎన్ నంబరు ఉండాలి. పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి రిజిస్ట్రేషన్ కాగితం, బ్యాంకు స్టేట్‌మెంటు, బంగారానికి వాల్యుయేషన్ కాగితం తీసుకొని వెళ్తే వారు తయారు చేసి ఇస్తారు. మీరు కూడా ముందుగా అది చేయించుకోండి.

రామగిరి లెక్కలు (20 ఏప్రిల్)

జడ్చర్ల సోదరులు చెప్పిన పత్రం వేరే అవసరానికి సంబంధించినది. అందులో ఒక తేదీన ఉన్న ఆస్తిని బయటివారికి చూపిస్తారు. మిర్యాలగూడ తమ్ముడు అడుగుతున్నది తన ఇంటి లెక్కలో ఏడాది పొడవునా ఏం జరిగిందని. నేను ఆడిట్ శాఖలో పని చేసి రిటైర్ అయ్యాను. ఇలాంటి ప్రశ్న ఎవరైనా వేస్తే నాకు ఎంతో ఆనందంగా ఉంటుంది, ఎందుకంటే చాలామంది మొత్తం పెరిగిందని చూసుకొని అక్కడితో పుస్తకం మూసేస్తారు. రాబడి కన్నా పెరుగుదల ఎక్కువ రావడం చూసి మీకు అనుమానం వచ్చింది. ఆ అనుమానం సరైనది.

ముందు చిట్టీ సంగతి. టీచర్ గారు చెప్పినదానిలో సగం నిజం ఉంది. ఎత్తుకున్న 3,85,000ను ఆస్తిగా మళ్లీ రాయకూడదన్న మాట సరైనదే. అయితే చిట్టీ ఎత్తుకున్న రోజు నుంచి ఆ వరుస ఆస్తుల పక్క నుంచి అప్పుల పక్కకు మారుతుంది. మీరు ఇంకా 24 వాయిదాలు కట్టాలి. ఎత్తుకున్నప్పుడు జామీనుదారుల సంతకాలతో కాగితాలు రాసి ఇచ్చి ఉంటారు. ఒక నెల కట్టకపోతే చిట్టీ వారు మిమ్మల్నీ, జామీనుదారులనూ అడుగుతారు. పాల బిల్లు అలాంటిది కాదు, వచ్చే నెల పాలు మానేస్తే ఆ బిల్లు ఉండదు. ఇప్పటికే తీసుకొని వాడేసిన సొమ్ముకు తిరిగి కట్టవలసినది అప్పే. కాబట్టి నెలకు 10,000 చొప్పున 2,40,000 అప్పుల్లోకి రావాలి. ఆ ఒక్క వరుసతో మీ నికర విలువ 72,58,000కు, పెరుగుదల 6,69,000కు తగ్గుతుంది.

మీ ఇంటి లోను ఒకేసారి 2,50,000 తగ్గినట్టు కనిపించడానికి కారణం కూడా అక్కడే ఉంది. బ్యాంకుకు కట్టవలసిన అప్పులో కొంత భాగం చిట్టీకి కట్టవలసిన అప్పుగా మారింది. బ్యాంకు అప్పు కాగితం మీద ఉంది కనుక రాశారు, చిట్టీ అప్పుకు స్టేట్‌మెంటు ఇంటికి రాదు కనుక రాయలేదు. అప్పు ఒకచోట తగ్గి మరోచోట పెరిగినప్పుడు రెండు చోట్లా రాయకపోతే తగ్గినది మాత్రమే లెక్కలోకి వచ్చి, మిగిలినది కనిపించకుండా పోతుంది.

ఎల్ఐసీ వరుసను మార్చవద్దు. ఈ పట్టికలో మీరు రాస్తున్నది మార్చి 31న అన్నీ ముగించుకుంటే ఏం మిగులుతుందని. ఆ రోజు పాలసీని వదిలేస్తే వచ్చేది సరెండర్ విలువే. 5,00,000 అన్నది మనిషి పోయినప్పుడో, గడువు తీరినప్పుడో వచ్చే సొమ్ము. మీరు క్షేమంగా ఉండి ఈ లెక్క రాసుకుంటున్నారు కనుక అది ఇందులోకి రాదు.

మిగిలిన 6,69,000 గురించి సాయంత్రం రాస్తాను. అంతలోపు నాకు రెండు విషయాలు చెప్పండి. పంట రుణం మీరు కట్టారా, లేక మాఫీ అయిందా? బంగారానికి రెండు సంవత్సరాలూ ఏ ధర వేశారు?

మిర్యాలగూడ వాసి (20 ఏప్రిల్)

అమ్మా, ధన్యవాదాలు. పంట రుణం రాష్ట్ర ప్రభుత్వ రుణమాఫీలో నిరుడు ఆగస్టు 15 విడతలో మాఫీ అయింది. 2023 డిసెంబర్ 9 వరకు ఉన్న అసలు, వడ్డీ కలిపి 1,55,000 మాఫీ కాగా, నిరుడు మార్చి నాటి అంకెలో మిగిలిన 5,000 వడ్డీని నేనే కట్టాను. ఆ తరువాత కొత్తగా పంట రుణం తీసుకోలేదు. బంగారానికి నిరుడు గ్రాముకు 6,200, ఈసారి 8,300 వేశాను. రెండూ మా దుకాణం వారు పాత నగలు కొనే ధరలు. తరుగు, మజూరీ కలపలేదు. ఈ ఏడాది నగలు కొనలేదు, అమ్మలేదు.

నారాయణపేట చీరలు (20 ఏప్రిల్)

నాదీ ఇలాంటి సందేహమే కనుక ఇక్కడే అడుగుతున్నాను. చీరల సరుకు కోసం 50 గ్రాముల బంగారం తాకట్టు పెట్టి లోను తీసుకున్నాను. నగలు ఇప్పుడు బ్యాంకు లాకర్‌లో ఉన్నాయి, నా దగ్గర లేవు. వాటిని ఆస్తుల్లో రాయాలా, వద్దా? మా వారు రాయవద్దని అంటున్నారు.

రామగిరి లెక్కలు (20 ఏప్రిల్)

రాయాలమ్మా. నగలు బ్యాంకులో ఉన్నా అవి మీవే. పూర్తి విలువను ఆస్తుల్లోనూ, లోను అసలును, ఆ రోజు వరకు పేరుకున్న వడ్డీని అప్పుల్లోనూ రాయండి. నగలను తీసేసి లోనును మాత్రం ఉంచితే మీ నికర విలువ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. చాలా బంగారం లోన్లలో వడ్డీ అంతా చివర్లో ఒకేసారి కట్టాలి, కనుక ఆ వడ్డీని మరిచిపోకండి. లోను డబ్బుతో కొన్న చీరల్లో ఇంకా అమ్ముడుపోనివి ఉంటే వాటిని కొన్న ధరకు ఆస్తుల్లో చూపండి. అమ్మకం ధరకు రాస్తే రాని లాభాన్ని ముందే రాసుకున్నట్టు అవుతుంది.

ఇక మిర్యాలగూడ తమ్ముడి లెక్క. రెండు తేదీల మధ్య వచ్చిన ప్రతి తేడాకూ ఒక కారణం రాయాలి. పుస్తకంలో ఇప్పటికే ఉన్న రెండు అంకెల పక్కన తేడా అని ఒక గడి, కారణం అని మరో గడి గీయండి. మీ తేడాలకు మూడు రకాల కారణాలు ఉన్నాయి.

మొదటిది ధర. పొలం ధర పెరిగి 3,00,000 వచ్చింది. బంగారం గ్రాముకు 2,100 పెరిగింది కనుక 90 గ్రాములకు 1,89,000 వచ్చింది. మోటార్ సైకిల్ ధర 7,000 తగ్గింది. ఈ మూడూ కలిపితే 4,82,000. మీరు ఏ పని చేసినా, చేయకపోయినా ఈ మొత్తం వచ్చేదే. గ్రాములు పెరగలేదు, గుంటలు పెరగలేదు.

రెండోది మాఫీ. 1,55,000 అప్పు మీ చేతి డబ్బు లేకుండా పోయింది. మీ నికర విలువ నిజంగానే అంత పెరిగింది, అందులో సందేహం లేదు. కానీ అది పొదుపు కాదు, వచ్చే ఏడాది మళ్లీ వస్తుందని దాని మీద ఆధారపడి లెక్క వేసుకోలేరు. పుట్టింటి వారు పెట్టిన బంగారం, వారసత్వంగా వచ్చిన భాగం లాంటివి ఉన్నా వాటిని ఇదే వరుసలో చూపాలి.

మూడోది పొదుపు. 4,82,000కు 1,55,000 కలిపితే 6,37,000. మొత్తం పెరుగుదల 6,69,000లో నుంచి దాన్ని తీసేస్తే 32,000 మిగులుతుంది. ఏడాది పొడవునా మీ ఇద్దరి కష్టంలో నుంచి మిగిలినది అంతే.

ఇది నమ్మలేకపోతే మరోవైపు నుంచి కూడా సరిచూసుకోవచ్చు. పీఎఫ్ 57,000 పెరిగింది, ఎల్ఐసీ 28,000, నెలవారీ కిస్తీల్లో ఇంటి లోను అసలు 56,000, ముందుగా కట్టినది 2,50,000, పంట రుణం వడ్డీకి కట్టినది 5,000. ఇవి కలిపితే 3,96,000. బ్యాంకు ఖాతా 16,000 తగ్గింది. చిట్టీ 1,08,000 ఆస్తిగా ఉన్నది పోయి 2,40,000 అప్పుగా మారింది కనుక అక్కడ 3,48,000 తగ్గింది. 3,96,000లో ఈ రెండు తగ్గుదలలు 3,64,000 తీసేస్తే మళ్లీ 32,000. రెండు దారుల్లోనూ ఒకే అంకె వచ్చింది కనుక పట్టికలో రాసిన వరుసల కూడికల్లో పొరపాటు లేదు. రాయకుండా వదిలేసిన అప్పు గానీ, ఆస్తి గానీ ఇంకొకటి ఉంటే మాత్రం ఈ పద్ధతి దాన్ని పట్టుకోలేదు. దానికి ఒక్కటే దారి. రాబడి 4,80,000లో నుంచి మీ ఖర్చుల పుస్తకం ప్రకారం ఖర్చులు తీసేసి, వచ్చినదాన్ని ఈ అంకెతో పోల్చి చూడాలి. ఖర్చుల పుస్తకం ఉందా?

మిర్యాలగూడ వాసి (21 ఏప్రిల్)

అమ్మా, రాత్రి ఇద్దరం కూర్చొని మీరు చెప్పిన గడులు గీసి చూశాం. 32,000 అంకె చూసి నా భార్య చాలాసేపు మాట్లాడలేదు. పీఎఫ్‌లో చేరినది మా చేతికి రాని డబ్బు. అదే 57,000. దాన్ని పక్కన పెడితే మిగతా అన్నీ కలిసి 25,000 తగ్గినట్టే కదా? అంటే చేతికొచ్చిన రాబడి కన్నా ఎక్కువ ఖర్చు పెట్టామా? ఖర్చుల పుస్తకం లేదు.

రామగిరి లెక్కలు (21 ఏప్రిల్)

అవును. కాకపోతే ఆ 25,000ను నెలవారీ దుబారాగా చూడకండి. చిట్టీ సొమ్ములో 1,35,000 చదువుకు పోయింది. ఆ ఖర్చును ఈ ఏడాది మోసినది మీ రాబడి కాదు, చిట్టీ అప్పు. మరో విషయం కూడా అందులో ఉంది. చిట్టీకి మీరు నిరుడు మార్చి వరకు 1,08,000, ఆ తరువాత ఈ ఏడాది 12 వాయిదాలు కట్టారు. ఆ 12 వాయిదాలకు డివిడెండ్ పోను ఎంత పడింది?

మిర్యాలగూడ వాసి (21 ఏప్రిల్)

పాసుపుస్తకం చూశాను. 99,000.

రామగిరి లెక్కలు (21 ఏప్రిల్)

అయితే 1,08,000, 99,000, కట్టవలసిన 2,40,000 కలిపి 4,47,000. మీకు వచ్చినది 3,85,000. తేడా 62,000. ముందుగా ఎత్తుకున్నందుకు మీరు మోస్తున్న భారం అది. నా పద్ధతిలో ఈ మొత్తమంతా ఎత్తుకున్న ఏడాది లెక్కలోనే పడింది. అందువల్ల ఈ ఏడాది పొదుపు మరీ తక్కువగా కనిపిస్తోంది.

వనపర్తి చిట్టీలు (21 ఏప్రిల్)

నేను ఒక రిజిస్టర్డ్ చిట్టీ కంపెనీలో పని చేస్తున్నాను. రామగిరి అమ్మగారి లెక్క మొత్తం సరిగ్గా ఉంది, ఒక్క 2,40,000 దగ్గర మాత్రం నేను విభేదిస్తాను. ఎత్తుకున్నవారికి కూడా ప్రతి నెలా డివిడెండ్ వస్తుంది. 24 నెలలూ పూర్తి 10,000 కట్టే అవసరం రాదు. మిర్యాలగూడ అన్న పాడిన నెలలో తగ్గింపు 1,15,000. అందులో కంపెనీ కమీషన్ 25,000 పోగా 90,000ను 50 మందికి పంచితే తలా 1,800 వచ్చింది. చివరి నెలలకు వచ్చేసరికి పాటలో పోటీ తగ్గి డివిడెండ్ చిన్నదవుతుంది, ఆఖరి నెలలో ఏమీ ఉండదు. సగటున నెలకు 1,000 అనుకుంటే కట్టవలసినది 2,16,000. అప్పుగా రాయవలసినది అదే. అప్పుడు పొదుపు 56,000 అవుతుంది.

రామగిరి లెక్కలు (22 ఏప్రిల్)

మీ అనుభవాన్ని గౌరవిస్తాను. కానీ రాబోయే డివిడెండ్ ఎవరి చేతిలోనూ లేదు, ఎవరు ఎంతకు పాడతారన్న దాని మీద అది ఆధారపడి ఉంది. కాగితం మీద ఒప్పుకున్నది 10,000. అప్పును కాగితం ప్రకారం రాసి, డివిడెండ్ వచ్చిన నెలలో వచ్చినంత లాభంగా చూపుకుంటే సరిపోతుంది. వచ్చే మార్చికి మిగిలే అప్పు 1,20,000. ఆ ఏడాది 12 వాయిదాలకు ఆయన 1,06,000 మాత్రమే కడితే, 14,000 ఆ ఏడాది పొదుపులో దానంతట అదే కనిపిస్తుంది. చిట్టీ ముగిసేనాటికి మీ లెక్క, నా లెక్క ఒకటే అవుతాయి. మధ్యలో ఏ సంవత్సరంలో ఎంత పడుతుందన్నదే తేడా.

వనపర్తి చిట్టీలు (22 ఏప్రిల్)

ముగిసేనాటికి ఒకటే అవుతాయన్న మాటను ఒప్పుకుంటాను. కానీ ఆయన అడిగినది ఈ ఏడాది సంగతి. ఉన్న అప్పు కన్నా ఎక్కువ రాస్తే ఈ ఏడాది చిత్రం సరైనది కాదు. నా అభిప్రాయం మారలేదు.

దేవరకొండ టీచర్ (22 ఏప్రిల్)

చిట్టీ విషయంలో అమ్మగారి వివరణ చదివాక ఒప్పుకుంటున్నాను, జామీనుదారుగా నేను కూడా ఒకరికి సంతకం పెట్టి ఉన్నాను కనుక అది అప్పేనన్న సంగతి బాగా అర్థమైంది. ఒక సందేహం. బంధువుకు ఇచ్చిన చేబదులు 60,000 రెండు సంవత్సరాలూ అలాగే ఉంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అయితే ఏడాదికి 14,400 చేరాలి కదా? దాన్ని కలిపితే పొదుపు పెరుగుతుంది.

మిర్యాలగూడ వాసి (22 ఏప్రిల్)

వడ్డీ మాట నిజమే, నోటులో నూటికి రెండు రూపాయలని రాశాం. కానీ ఇప్పటివరకు ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు. నోటు 2022 జూన్‌లో రాసినది. మా మేనమామ కొడుకు కనుక గట్టిగా అడగలేకపోతున్నాం.

రామగిరి లెక్కలు (22 ఏప్రిల్)

అయితే వడ్డీ కలపవద్దు. చేతికి వచ్చిన రోజున కలుపుకోండి. దానికన్నా ముఖ్యమైన విషయం ఆ తేదీలో ఉంది. అడిగిన వెంటనే చెల్లించాలని రాసిన ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. 2025 జూన్‌తో అది తీరిపోతుంది. అంతలోపు ఆయన కొంత సొమ్ము కట్టి, నోటు వెనుక తేదీ వేసి, తన చేతి సంతకంతో చెల్లు రాసిస్తే అక్కడి నుంచి మరో మూడేళ్లు లెక్కలోకి వస్తాయి. చెల్లు తీసుకోకుండా జూన్ దాటితే ఈ 60,000ను ఆస్తిగా చూపడం నాకు సమ్మతం కాదు. వస్తే వచ్చినప్పుడు రాసుకోవచ్చు.

చిట్యాల హైవే (23 ఏప్రిల్)

అందరూ నా ప్రశ్నను వదిలేశారు. పొలాన్ని 35 లక్షల చొప్పున రాస్తే పెరుగుదల ఇంకా చాలా ఎక్కువ కదా. అమ్మగారు 26 లక్షలను ఎందుకు ఒప్పుకున్నారు?

రామగిరి లెక్కలు (23 ఏప్రిల్)

చెప్పే ధర వేరు, ఎవరో డబ్బు కట్టి కొన్న ధర వేరు. మిర్యాలగూడ తమ్ముడు 24 లక్షలు, 26 లక్షలు ఎక్కడి నుంచి తీసుకున్నారో ఆయనే చెప్పాలి. నిరుడు ఒక ఆధారంతో, ఈసారి మరో ఆధారంతో ధర వేస్తే వచ్చిన తేడాకు అర్థం ఉండదు. నిరుడు రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ వేసి ఈసారి ఊళ్లో వినబడే ధర వేస్తే, భూమి ధర కొంచెం కూడా కదలకపోయినా లక్షల్లో పెరుగుదల కనిపిస్తుంది. మీరు చెప్పిన 35 లక్షలు ఈ ఏడాది రాస్తే 13,50,000 అదనంగా చేరుతుంది, దాని ముందు మనం ఇంతసేపూ వెతికిన 32,000 ఎక్కడ కనిపిస్తుంది?

మిర్యాలగూడ వాసి (23 ఏప్రిల్)

మా పొలానికి రెండు గట్ల అవతల నిరుడు ఫిబ్రవరిలో ఒక ఎకరం 24 లక్షలకు చేతులు మారింది. ఈ జనవరిలో అదే కాలువ కింద మరొకరు 26 లక్షలకు కొన్నారు. రెండింటిలోనూ డబ్బు ఇచ్చిపుచ్చుకున్నప్పుడు మా పెద్దనాన్న సాక్షిగా ఉన్నారు. అందుకే ఆ ధరలు వేశాను. ఇంటి విషయంలో మా వీధిలో ఈ మధ్య అమ్మకాలు లేవు కనుక మార్చలేదు.

రామగిరి లెక్కలు (23 ఏప్రిల్)

చాలా బాగా చేశారు. ఆ ఆధారాన్ని పుస్తకంలో ధర పక్కనే రాసి పెట్టండి. వచ్చే మార్చికి కొత్త అమ్మకం ఏదీ లేకపోతే 26 లక్షలనే ఉంచండి.

కంప్యూటర్‌లో రాసుకునేవారికి ఒక సులువు ఉంది. అప్పులను, చిట్టీలో ఎత్తుకున్న తరువాతి బాకీని మైనస్ గుర్తుతో రాస్తే ఆస్తులు, అప్పులు అన్నీ ఒకే నిలువు వరుసలో ఉంటాయి. చిట్టీ అప్పుడు 108000 నుంచి -240000కు మారినట్టు ఒకే గడిలో కనిపిస్తుంది. B నిరుటి అంకె, C ఈ ఏటి అంకె, D తేడా, E కారణం. కారణం గడిలో ధర, మాఫీ, పొదుపు అన్న మూడు మాటల్లో ఒకటి మాత్రమే రాయండి. పంట రుణానికి రెండు కారణాలు ఉన్నాయి కనుక దాన్ని 155000, 5000 అని రెండు వరుసలుగా విడదీస్తే మొత్తం 12 వరుసలు అవుతాయి.

```
D2:  =C2-B2
D15: =SUM(D2:D13)
D16: =SUMIF(E2:E13,"ధర",D2:D13)
D17: =SUMIF(E2:E13,"మాఫీ",D2:D13)
D18: =SUMIF(E2:E13,"పొదుపు",D2:D13)
```

D2లోని సూత్రాన్ని D13 వరకు కిందికి లాగాలి. చివరి మూడు గడులను కూడితే D15 రావాలి. రాకపోతే ఏదో ఒక తేడాకు కారణం రాయలేదని, లేదా మాట తప్పు రాశారని అర్థం.

నారాయణపేట చీరలు (24 ఏప్రిల్)

అమ్మా, ఇంట్లో చూపించాను. నగలు, లోను రెండూ రాశాం. మరో ప్రశ్న. మా మామగారి పేరు మీద మూడెకరాల చెల్క ఉంది, నలుగురు అన్నదమ్ములు, పంపకాలు కాలేదు. మా వాటా ముప్పై గుంటలని ఇంట్లో అందరూ అనుకుంటారు. దాన్ని మా పట్టికలో రాసుకోవచ్చా?

రామగిరి లెక్కలు (24 ఏప్రిల్)

మీ మామగారు జీవించి ఉండి పట్టా ఆయన పేరు మీద ఉన్నంతవరకు నేనైతే మొత్తంలో కలపను. పట్టిక కింద ఒక వాక్యంగా రాసి ఉంచండి. అది పిత్రార్జితమా, స్వార్జితమా అన్నదాన్ని బట్టి హక్కు మారుతుంది కనుక ఆ విషయాన్ని న్యాయవాదిని అడగడం మంచిది.

దేవరకొండ టీచర్ (24 ఏప్రిల్)

ఈ ఒక్కదానితో నేను ఏకీభవించలేను. పిత్రార్జితమైతే కొడుకులకు పుట్టుకతోనే హక్కు ఉంటుంది. ఉన్న హక్కును సున్నాగా రాయడం కూడా తప్పు లెక్కే అవుతుంది కదా.

మిర్యాలగూడ వాసి (27 ఏప్రిల్)

అందరికీ కృతజ్ఞతలు. చిట్టీని రామగిరి అమ్మగారి పద్ధతిలోనే రాశాను, వనపర్తి సోదరుల అంకెను పక్కన పెన్సిల్‌తో రాసి ఉంచాను. ఈ నెల వాయిదా 27వది, డివిడెండ్ 1,300 పోను 8,700 కట్టాను. అప్పు వరుసలో ఇప్పుడు 2,30,000 ఉంది. పిల్ల రెండో సంవత్సరం ఫీజు ఆగస్టులో కట్టాలి, దానికోసం మళ్లీ ఎక్కడా చిట్టీ పాడకుండా నెలకు ఎంత పక్కన పెట్టగలమో చూడటానికి ఈ నెల నుంచి నా భార్య ఖర్చుల పుస్తకం మొదలుపెట్టింది. నిన్న మేనమామ కొడుకు ఇంటికి వెళ్లాం. 5,000 ఇచ్చి, నోటు వెనుక తేదీ వేసి సంతకం పెట్టాడు. చేబదులు వరుస అలాగే 60,000గా ఉంచి ఈ 5,000ను వడ్డీ కింద జమ వేయాలా, లేక అసలును 55,000కు తగ్గించాలా? నోటు వెనుక దేనికింద అన్నది రాయలేదు, చెల్లు అని మాత్రమే ఉంది.

రామగిరి లెక్కలు (27 ఏప్రిల్)

దేనికింద అని ఇద్దరూ ప్రత్యేకంగా అనుకోకపోతే సాధారణంగా ముందు వడ్డీకే జమ అవుతుంది. అసలు 60,000గానే ఉంచండి, 5,000ను ఈ ఏడాది రాబడిలో చూపండి. ఈసారి కలిసినప్పుడు ఆయనతో ఆ మాట చెప్పి, చెల్లు పక్కనే వడ్డీ కింద అని రాయించి మరో సంతకం తీసుకోండి.